గొయ్యి పక్కన భవనం: కుంగుబాటు నివేదిక ఏం చెబుతుంది?

భూగర్భ మెట్రో స్టేషన్ కోసం 20 మీటర్ల లోతు గొయ్యి తవ్వుతున్నారనుకుందాం. పక్కనున్న భవనాల గోడలకు కొలత గుర్తులుగా చిన్న ఉక్కు మేకులు, టిల్ట్‌మీటర్లు బిగిస్తారు. వాటి కొలతలతో ఇంజినీర్లు క్రమం తప్పకుండా నివేదిక తయారుచేస్తారు. తవ్వకం కొనసాగించాలా, ఆపాలా, ఇళ్లు ఖాళీ చేయించాలా అన్నది ఆ నివేదికను సరిగ్గా చదవడంపైనే ఆధారపడుతుంది.

భవనం ఎందుకు కదులుతుంది?

గొయ్యి చుట్టూ కాంక్రీటు గోడ, దాన్ని లోపలి నుంచి అదిమిపట్టే ఉక్కు దూలాలు ఉంటాయి. లోపలి మట్టి తీసేకొద్దీ బయటి మట్టి, నీరు గోడను లోపలికి నెడతాయి. గోడ కొన్ని మిల్లీమీటర్లు వంగినా దాని వెనుక నేల కుంగుతుంది. కుంగుబాటు గొయ్యికి దగ్గర్లో ఎక్కువగా, దూరం వెళ్లేకొద్దీ తక్కువగా ఉంటుంది. భవనానికి చిక్కు తెచ్చేది ఈ తేడాయే. మొత్తం భవనం సమంగా 20 మిల్లీమీటర్లు దిగితే గోడలు సాధారణంగా పగలవు. ఒక పక్కే దిగితే పగలవచ్చు.

ఈ తేడాకు ఒక కొలమానం ఉంది. 1956లో స్కెంప్టన్, మెక్‌డొనాల్డ్ అనే ఇంజినీర్లు అనేక భవనాలను పరిశీలించి, కుంగుబాటు తేడాను ఆ రెండు బిందువుల మధ్య దూరంతో భాగిస్తే వచ్చే విలువ 1/300 దాటితే గోడల్లో పగుళ్లు వస్తాయని గుర్తించారు. భద్రత కోసం 1/500 దాటనివ్వకూడదని సూచించారు. 1/500 అంటే మీటరుకు 2 మిల్లీమీటర్లు.

మూడు మెట్ల హెచ్చరిక

పరిమితి దాటేదాకా ఆగకుండా, ముందే మేల్కొనడానికి స్థాయిలు పెడతారు. వాటి పేర్లు, అంకెలు ప్రాజెక్టును బట్టి మారతాయి. మన ఊహాత్మక ఉదాహరణలో కుంగుబాటుకు 10, 15, 20 మిల్లీమీటర్లు, వాలుకు మీటరుకు 1, 1.5, 2 మిల్లీమీటర్లు అనుకుందాం. మొదటి స్థాయి దాటితే కొలతలు తరచుగా తీస్తారు. రెండోది దాటితే తవ్వే పద్ధతి మారుస్తారు. మూడోది దాటితే పని ఆపుతారు.

ఇప్పుడు 10 మీటర్ల పొడవున్న మూడంతస్తుల భవనం చూద్దాం. ఆరో వారం నివేదికలో గొయ్యి వైపు చివర 14, వెనుక చివర 2 మిల్లీమీటర్ల కుంగుబాటు ఉంది. తేడా 12. దాన్ని 10 మీటర్లతో భాగిస్తే సగటు వాలు 1.2. కుంగుబాటు, వాలు రెండూ మొదటి స్థాయినే దాటాయి. పెద్దగా కంగారు పడక్కర్లేదనిపిస్తుంది.

కానీ మధ్య బిందువు కూడా చూడాలి. అక్కడ కుంగుబాటు 8 అయితే మూడు బిందువులూ ఒకే గీతపై ఉన్నట్టు. భవనం పెట్టెలా మొత్తంగా ఒరిగింది, వంగలేదు. అదే మధ్యలో 3 మాత్రమే అయితే కథ మారుతుంది. ముందు సగంలో 5 మీటర్లకు 11 మిల్లీమీటర్ల తేడా, అంటే మీటరుకు 2.2. వెనుక సగంలో 0.2 మాత్రమే. భవనం మధ్యలో వంగుతోంది, ముందు సగం మూడో స్థాయిని దాటేసింది. వెనుక గోడకు ఒక్క టిల్ట్‌మీటర్ పెట్టి ఉంటే అది 0.2 చూపి అంతా బాగుందని చెప్పేది.

వేగం కూడా ముఖ్యమే. ముందు చివర కుంగుబాటు నాలుగో వారానికి 6, ఐదో వారానికి 9, ఆరో వారానికి 14 అయితే, వారానికి 3 నుంచి 5కు పెరిగింది. ఇదే వేగంతో సాగినా 20ని చేరడానికి ఎనిమిది రోజులే మిగిలాయి.

కారణం ఎలా పట్టుకోవాలి?

గొయ్యి గోడలో అమర్చిన ఇంక్లినోమీటర్ గోడ వంపును, నేలలోని పీజోమీటర్ నీటి ఒత్తిడిని చెబుతాయి. గోడ లోపలికి జరుగుతూ నేల కుంగితే దూలాలు చాలడం లేదేమో చూడాలి. గోడ పెద్దగా కదలకుండా, నీటి ఒత్తిడి పడిపోతూ దూరపు భవనాలూ కుంగుతుంటే, భూగర్భ జలం గొయ్యిలోకి పోతోందని అనుమానించాలి.

కొలతలూ మోసం చేయవచ్చు. ఎండకు గోడ వేడెక్కి టిల్ట్‌మీటర్ రీడింగ్ రోజూ ఊగుతుంది. అందుకే తెల్లవారుజామున, ఒకే సమయానికి తీసినవాటిని పోలుస్తారు. ఎత్తులు పోల్చే స్థిర బిందువు గొయ్యి ప్రభావం లేనంత దూరంలో ఉండాలి. అదే కుంగితే భవనం నిజంగా కుంగినా తక్కువగా కనిపిస్తుంది. తవ్వకం మొదలవకముందే తొలి కొలతలు తీయకపోతే, ఆ తర్వాతి అంకెలను పోల్చడానికి ఆధారమే ఉండదు.

స్థాయిని మార్చడం జవాబు కాదు

2004 ఏప్రిల్ 20న సింగపూర్‌లో మెట్రో సర్కిల్ లైన్ కోసం తవ్విన గొయ్యి గోడలు కూలి, పక్కనున్న నికోల్ హైవే కుంగిపోయింది. నలుగురు మరణించారు. గోడ కదలికలు అంచనాలను దాటుతున్నట్టు పరికరాలు ముందే చూపాయి. అయితే కొత్త లెక్కలు వేసి, హెచ్చరిక స్థాయిలనే పెంచుకుంటూ పోయారు. దూలాలు గోడ వెంట ఉన్న ఉక్కు పట్టీలను కలిసే చోట డిజైన్ బలహీనంగా ఉందని విచారణలో తేలింది.

అందుకే స్థాయి మార్చిన నివేదిక కనిపిస్తే, కదలిక ఎందుకు పెరిగిందో అందులో కారణం రాశారా అని చూడాలి. కారణం లేకపోతే కొత్త స్థాయి భవనం భద్రత గురించి ఏమీ చెప్పదు.