మంచి బెల్లం ఎలా గుర్తుపట్టాలి? వానాకాలంలో కారిపోకుండా ఎలా దాచాలి?

పోయిన ఏడాది ఫిబ్రవరిలో మా ఇంటికి సంవత్సరానికి సరిపడా బెల్లం కొన్నాం. అనకాపల్లి వైపు ఒక బెల్లం బట్టీ దగ్గర ముదురు గోధుమ రంగు దిమ్మ ఆరు కిలోలు తీసుకున్నాను. "ఈ నల్లటి బెల్లంతో పరమాన్నం ఏం వండుతాం రా" అని మా అమ్మ ఒప్పుకోలేదు. ఆవిడ కోసం ఊళ్ళో కొట్లో పసుపు పచ్చగా మెరిసే దిమ్మ ఇంకో ఆరు కిలోలు కొన్నాం. జూలై వచ్చేసరికి పసుపు బెల్లం డబ్బా అడుగున రెండు వేళ్ళ ఎత్తు పాకం నిలిచింది, పైన బూజు కూడా పట్టింది. బట్టీ దగ్గర కొన్నదాంట్లో సగం గట్టిగానే ఉంది. మిగతా సగం మాత్రం అదీ చెమ్మగిల్లింది. ఒకే దిమ్మలో సగం ఎందుకు నిలిచింది, సగం ఎందుకు పోయింది? అక్కడే అసలు పాఠం ఉంది. వీడియోలో చూపించిన ముక్కలు ఆ దిమ్మవే.

ముందు రంగు సంగతి చూద్దాం.

చెరకు రసం పెనంలో కాగుతుంటే పైకి మడ్డి తేలుతుంది. పాత పద్ధతిలో బెండ మొక్క కాండం దంచి నానబెట్టిన జిగురు, కొద్దిగా సున్నపు తేట వేస్తే మడ్డి ఒక దగ్గరకు చేరుతుంది. దాన్ని జల్లితో తీసేస్తారు. ఇలా శుభ్రంగా తీసి వండినా బెల్లం తేనె రంగు నుంచి గోధుమ రంగు మధ్యలో ఎక్కడో ఉంటుంది. చెరకు రకం, నేల, మంట బట్టి రంగు మారుతుంది కాబట్టి ఒకే రైతు బట్టీలో ఉదయం దిమ్మకీ సాయంత్రం దిమ్మకీ కూడా తేడా వస్తుంది. నిమ్మపండులా పచ్చగా, అన్ని దిమ్మలూ ఒకే రంగులో ఉన్నాయంటే మాత్రం ఎక్కువసార్లు అది హైడ్రోస్ పని. సోడియం హైడ్రోసల్ఫైట్ అనే తెల్లటి పొడిని బట్టీల దగ్గర హైడ్రోస్ అంటారు. అది రసంలో ఉన్న రంగును విరగ్గొడుతుంది. మురికి పోదు, కంటికి కనబడకుండా పోతుంది అంతే. పైగా ఆ రంగు నిలవదు. గాలి తగిలేకొద్దీ మళ్ళీ ముదురుతుంది. అందుకే అలాంటి దిమ్మను విరిచి చూస్తే పైపొర ముదురుగా, లోపల పాలిపోయినట్టు కనిపించవచ్చు.

"ఆ పొడి ఎందుకండీ వేస్తారు?" అని బట్టీ దగ్గర పాకం చూసే పెద్దాయన్ని అడిగాను. "పచ్చగా లేకపోతే రేటు పలకదు బాబూ. పచ్చది అడిగేది మీరే, మందేశావని తిట్టేదీ మీరే" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. మా ఇంట్లో కూడా అదే కదా జరిగింది!

అలాగని నల్లగా ఉన్నదంతా మంచిదని అనుకోకండి. ఈ మధ్య "నల్లగా ఉంటే ఆర్గానిక్" అనే మాట బాగా నడుస్తోంది. పాకం మాడినా, సున్నం ఎక్కువైనా, మడ్డి సరిగ్గా తీయకపోయినా, పాత సరుకైనా బెల్లం నల్లగానే ఉంటుంది. సారా కాయడానికి వాడుతున్నారని పోలీసులు పట్టుకునే నల్లబెల్లం కూడా నల్లదే కదా! రంగు చూసి మరీ పచ్చటి దాన్ని పక్కన పెట్టొచ్చు, అంతవరకే. మంచిదో కాదో తేల్చడానికి చెయ్యి, ముక్కు వాడాలి.

ఇప్పుడు గట్టిదనం చూద్దాం. బెల్లం నిలవ ఉంటుందా లేదా అనేది ఎక్కువగా దీన్నిబట్టే తెలుస్తుంది.

చెరకు రసంలో ఉండే అసలు తీపి సుక్రోజ్, అంటే చక్కెరలో ఉండేదే. అది గింజ కట్టి గట్టిపడుతుంది. చెరకు నరికి రెండు మూడు రోజులు ఎండలో పడేసినా, రసం పులిసినా, ఆ సుక్రోజ్ విడిపోయి గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా మారుతుంది. ఈ రెండూ గింజ కట్టనివ్వవు. ముఖ్యంగా ఫ్రక్టోజ్ గాలిలో చెమ్మను లాక్కుంటుంది. కాబట్టి బెల్లం కరగడం అంటే వేడికి కరగడం కాదండీ, గాలిలో నీళ్ళు తాగి కారడం. మండే ఏప్రిల్‌లో నిలిచిన బెల్లం చల్లటి జూలైలో కారేది అందుకే.

పాకం దించే సమయం కూడా ముఖ్యం. ఉడుకుతున్న పాకాన్ని చల్లటి నీళ్ళలో వేస్తే చేతికి గట్టి ఉండ రావాలి. సుమారు 118 నుంచి 120 డిగ్రీల దగ్గర ఈ ఉండపాకం వస్తుంది. అంతకు ముందే దించేస్తే నీరు మిగిలిపోయి దిమ్మ మెత్తగా ఉంటుంది. బరువు ఎక్కువ తూగుతుంది కూడా!

కొనేటప్పుడు ఇలా చూడండి. దిమ్మ మీద బొటనవేలు గట్టిగా నొక్కండి. గుంట పడకూడదు, వేలికి జిగురు అంటకూడదు. తర్వాత ఒక మూల సుత్తితోనో రాయితోనో కొట్టించండి. మంచి బెల్లం టక్కున విరుగుతుంది, విరిగిన చోట సన్నటి ఇసుకలాంటి గింజ కనిపిస్తుంది. విరగకుండా సాగినట్టు లేచిందంటే అది వానాకాలం దాటదు. అలాగే రాయిలా ఉండి, విరిచిన చోట పెద్ద పెద్ద పలుకులు తళతళ మెరుస్తుంటే పంచదార కలిపారేమో అనుమానించాలి. ఒక జాగ్రత్త ఏంటంటే, ఈ పరీక్ష ఎండ రోజుల్లోనే పనికొస్తుంది. వానలు పడుతున్నప్పుడు మంచి బెల్లం కూడా పైన మెత్తబడుతుంది కాబట్టి ఏడాది బెల్లం సంక్రాంతి తర్వాత కొత్త సరుకు వచ్చాక, వేసవి దాటకుండా కొనుక్కోవాలి.

ఇక వాసన. దిమ్మ పైన చూస్తే తెలియదు. విరిచిన వెంటనే ఆ ముక్కని ముక్కు దగ్గర పెట్టుకోండి. కాగిన చెరకు రసం వాసన కమ్మగా రావాలి. కల్లులాంటి పుల్లటి వాసన వస్తే రసమో బెల్లమో పులిసింది, అది నిలవ ఉండదు. మాడు వాసన వస్తే పాకం అడుగంటింది, చేదు తగులుతుంది. అగ్గిపుల్ల గీసినప్పుడు వచ్చే ఘాటు వాసన వస్తే హైడ్రోస్ లాంటి గంధకం మందు వేశారని అనుకోవచ్చు. కానీ పాత సరుకులో ఆ వాసన ఎగిరిపోతుంది. వాసన లేదు కాబట్టి మందు లేదు అనడానికి వీల్లేదు. గంధకం ఎంత మిగిలిందో కచ్చితంగా చెప్పేది ల్యాబ్ పరీక్షే.

ఇంటికి తెచ్చాక చిన్న ముక్కను గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో కరిగించి అరగంట కదపకుండా ఉంచండి. నాలుగు చెరకు పీచులు, కొంచెం నల్లటి మడ్డి కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, వడకట్టుకుంటే సరిపోతుంది. అడుగున తెల్లటి పొడి పేరుకుంటే మాత్రం సుద్దపొడి లాంటిది కలిసినట్టే. ఆ పొడి మీద వెనిగర్ వేస్తే బుసబుసమని నురగ వస్తుంది.

సరే, ఇప్పుడు నా ఆరు కిలోల సంగతికి వద్దాం.

కొన్న రోజు ఆ దిమ్మ ఇంకా లోపల గోరువెచ్చగా ఉంది. అలాగే డబ్బాలో పెట్టి మూత వేస్తే లోపలి ఆవిరి మూతకు పట్టి నీళ్ళై మళ్ళీ బెల్లం మీదే పడుతుంది. అందుకని రెండు రోజులు గాలి తగిలే పొడి నీడలో, చీమలు రాకుండా నీళ్ళ పళ్ళెంలో పీట వేసి దాని మీద ఆరబెట్టాను. తర్వాత మూడు కిలోలు అరకిలో చొప్పున ఆరు ముక్కలు చేశాను. ఒక్కో ముక్కనీ గాలి లేకుండా మందపాటి పాలిథిన్ కవర్లో చుట్టి, అన్నీ ఎండలో ఆరబెట్టిన స్టీలు డబ్బాలో పెట్టాను. డబ్బాని నేల మీద కాకుండా చెక్క మీద, పొయ్యికి దూరంగా ఉంచాను. ఆ ముక్కలే నిలిచినవి. నెలకొకటి తీసి చిన్న సీసాలో వేసుకుని వాడుకున్నాం.

మిగతా మూడు కిలోలూ ఒకే ముక్కగా వంటింట్లో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాం. రోజూ మూత తీయడం, తడి చేత్తో గీకడం, పక్కనే అన్నం ఆవిరి. జూన్ నెలాఖరుకి పైన తడి తేలింది. బెల్లం అదే, పెట్టిన పద్ధతి వేరు. మా అమ్మ పసుపు బెల్లం కూడా ఇలాంటి డబ్బాలోనే ఉంది. కానీ అది కొన్నరోజే వేలికి అంటుకుంది, అప్పుడే వదిలేయాల్సింది. కాబట్టి తప్పంతా రంగుదే అనడం లేదు. మెత్తటి బెల్లం కొనడం ఒక తప్పు, గాలి తగిలేలా పెట్టడం రెండో తప్పు.

ఫ్రిజ్‌లో పెట్టొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. గాలి చొరబడని డబ్బాలో అయితే పెట్టొచ్చు. కానీ బయటికి తీసిన వెంటనే మూత తీయకండి. చల్లటి బెల్లం మీద గాలిలో చెమ్మ నీటి బొట్లుగా పడుతుంది. డబ్బా మామూలు వేడికి వచ్చాక తీయండి. పెద్దలు కుండకి మూతి కట్టి పొడి ఊకలో పెట్టేవారు కదా, అదీ గాలినీ చెమ్మనీ దూరం పెట్టే ఉపాయమే.

ఇప్పటికే కొంచెం చెమ్మగిల్లితే పొడి ఎండలో పల్చటి గుడ్డ కప్పి రెండు మూడు గంటలు పెట్టి, చల్లారాక సీసాలో వేయండి. పూర్తిగా కారిపోయిన దాన్ని మళ్ళీ కాచి దిమ్మ చేద్దామని చూడకండి, సరిగ్గా గట్టిపడదు. పుల్లటి వాసన, బూజు లేకపోతే వడకట్టి, ఒక పొంగు రానిచ్చి, ఫ్రిజ్‌లో పెట్టి పానకంలా వాడేసుకోండి. బూజు పట్టిన బెల్లం మాత్రం పైన గీకేసి తినొద్దు. మేము ఆ పసుపు బెల్లం తినలేదు, పారేశాం.

ఈ ఫిబ్రవరిలో మా అమ్మని కూడా బట్టీకి తీసుకెళ్ళాను. ఆవిడే దిమ్మ మీద వేలు నొక్కి, ముక్క విరిపించి, వాసన చూసి, ముదురు గోధుమ రంగుదే ఎంచింది. "పరమాన్నం రంగు కాస్త తక్కువైతే ఏమైందిలే" అంది. పాకం చూసే పెద్దాయన విని నవ్వాడు.