ఫోనులో మిగిలిపోయిన ఫోటో

ఆఫీసు సిబ్బందికి ఒక చిన్న మాట. మన దగ్గరకు వచ్చే ఖాతాదారుల వివరాలు మన సొంత ఫోనులో ఎందుకు ఉండకూడదో ఒక ఉదాహరణతో చూద్దాం.

ఒక పొదుపు సంఘం ఆఫీసు అనుకోండి. లక్ష్మమ్మగారి వాయిదా కంప్యూటర్‌లో ఎక్కడం లేదు. గుమాస్తా తన ఫోనులోనే ఆమె ఖాతా తెరిచి, స్క్రీన్‌షాట్ తీసి, పై అధికారికి వాట్సాప్‌లో పంపాడు. అందులో ఆమె పేరు, ఫోన్ నంబరు, ఖాతా నంబరు, రూ. 4,200 బాకీ అన్నీ ఉన్నాయి. పది నిమిషాల్లో పని అయిపోయింది. కానీ ఫోటో అలాగే ఉండిపోయింది.

ఎన్ని చోట్ల? గుమాస్తా గ్యాలరీలో ఒకటి. గూగుల్ ఫోటోస్‌లో స్క్రీన్‌షాట్ల ఫోల్డరుకు బ్యాకప్ పెట్టి ఉంటే అక్కడ రెండవది. వాట్సాప్ సంభాషణలో మూడవది. అధికారి ఫోనులో నాలుగవది. ఆయన వాట్సాప్ బ్యాకప్‌లో ఫోటోలు కూడా చేరుతుంటే ఐదవది. గుమాస్తా తన గ్యాలరీలో ఒకటి తుడిచేసినంత మాత్రాన మిగతావి పోవు.

మూడు నెలల తరువాత ఆ ఫోను అద్దం పగిలింది. రిపేరు షాపులో ఇచ్చి, తెరిచే నంబరు కూడా చెప్పాడు. కొన్నాళ్లకు లక్ష్మమ్మగారికి ఫోను వచ్చింది. "అమ్మా, సంఘం ఆఫీసు నుండి. మీ బాకీ 4,200 కదా, ఇప్పుడే మాఫీ అవుతుంది, ఓటీపీ చెప్పండి." సరిగ్గా అంకె చెప్పాడు కనుక ఆమె నమ్మింది. ఆ అంకె ఎక్కడి నుండి బయటపడిందో ఎవరూ రుజువు చేయలేరు. కష్టం మాత్రం ఆమెది.

మరి పని ఎలా జరగాలి? ఫోటో బదులు ఖాతా నంబరులో చివరి నాలుగు అంకెలు, కనబడిన లోపం రాసి పంపితే చాలు. అధికారి తన కంప్యూటర్‌లోనే ఆ ఖాతా తెరిచి చూస్తారు. బొమ్మ తప్పనిసరైతే ఆఫీసు కంప్యూటర్‌లోనే తీసి, లోపం కనబడే భాగం మాత్రమే కత్తిరించి, ఆఫీసు మెయిల్‌లో పంపండి.

ఇప్పటికే ఫోనులో ఉంటే ముందు మీ పై అధికారికి చెప్పండి. పంపి ఎక్కువ కాలం కాకపోతే వాట్సాప్‌లో Delete for everyone నొక్కండి. సుమారు రెండు రోజులు దాటితే అది పనిచేయదు, అప్పుడు అవతలి వారే తుడవాలి. గ్యాలరీలో, గూగుల్ ఫోటోస్‌లో తీసేసి, Trash కూడా ఖాళీ చేయండి. బ్యాకప్ అయిన ఫోటో అందులో 60 రోజులు ఉంటుంది. చివరగా గూగుల్ ఫోటోస్ వెతికే గడిలో ఆ ఖాతాదారు పేరు కొట్టి చూడండి. బొమ్మలోని అక్షరాలను కూడా అది చాలాసార్లు పట్టుకుంటుంది. ఏమైనా కనబడితే ఇంకా ఒక కాపీ మిగిలి ఉందన్నమాట.