కళ్లద్దాల చీటీని చదివే విధానం: ఒకే కంటికి రెండు రాతలు

కంటి పరీక్ష ముగిసిన తరువాత చేతికి వచ్చే చీటీలో మాటలు తక్కువ, అంకెలు ఎక్కువ. ఆసుపత్రి పేరు ఏ భాషలో ఉన్నప్పటికీ అంకెల పట్టిక మాత్రం అంతటా ఒకటే. అందువల్ల షోలాపూరులో రాసిన చీటీతో హైదరాబాదులోనైనా కళ్లజోడు చేయించుకోవచ్చు. అయితే ఒకే కంటి పవరును రెండు విధాలుగా రాసే ఆచారం ఉన్నది. ఈ సంగతి తెలియనివారు సరిగా తయారైన కళ్లజోడును తప్పని భావించి తిరిగి ఇచ్చివేయవచ్చు. నిజంగా తప్పిన కళ్లజోడును అలవాటు కావాలనుకొని నెలల తరబడి ధరించవచ్చు. రెండింటిలో ఏది జరిగిందో కాగితం మీద చిన్న కూడికతో తెలుసుకోవచ్చు.

పట్టికలోని మూడు గడులు

పట్టికలో కుడి కంటికి ఒక వరుస, ఎడమ కంటికి ఒక వరుస ఉంటాయి. కుడి కంటిని ఆర్.ఇ. అని గాని ఓ.డి. అని గాని, ఎడమ కంటిని ఎల్.ఇ. అని గాని ఓ.ఎస్. అని గాని సూచిస్తారు. ప్రతి వరుసలో స్ఫియర్, సిలిండర్, యాక్సిస్ అనే మూడు గడులు ముఖ్యమైనవి.

స్ఫియర్ అనేది కటకం అన్ని దిక్కులలోనూ సమానంగా ఇచ్చే పవరు. దీనిని డయాప్టర్లలో కొలుస్తారు. ప్లస్ గుర్తు ఉంటే అది కాంతిని దగ్గరకు చేర్చే కుంభాకార కటకం. దాని మధ్యభాగం మందంగా ఉంటుంది. దీర్ఘదృష్టి గలవారికి, చత్వారం వచ్చినవారికి ఇది అవసరమవుతుంది. మైనస్ గుర్తు ఉంటే అది కాంతిని విడదీసే పుటాకార కటకం. దాని అంచులు మందంగా ఉంటాయి. ఇది హ్రస్వదృష్టి గలవారికి ఇచ్చేది. −2.00 పవరు అవసరమైన కంటికి అద్దాలు లేకుండా సుమారు అర మీటరు వరకే వస్తువులు స్పష్టంగా కనిపిస్తాయి. ప్లస్ అంటే మంచి, మైనస్ అంటే చెడు అని అర్థం కాదు. అవి రెండు ఎదురెదురు దిక్కులు మాత్రమే. అందుకే గుర్తు తారుమారైతే నష్టం రెట్టింపవుతుంది. +2.00 అవసరమైన కంటికి −2.00 కటకం అమర్చితే తేడా 2 కాదు, 4 డయాప్టర్లు.

కంటి నల్లగుడ్డు ముందుండే పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. దాని వంపు అన్ని దిక్కులలో సమానంగా లేనప్పుడు నిలువు గీతలు ఒక విధంగా, అడ్డగీతలు మరొక విధంగా కనిపిస్తాయి. ఈ లోపానికి ఒక దిక్కులో మాత్రమే అదనంగా కావలసిన పవరును సిలిండర్ గడి తెలుపుతుంది. ఆ గడి ఖాళీగా ఉంటే ఆ లోపం లేదని గ్రహించాలి.

యాక్సిస్ పవరు కాదు, కోణం. సిలిండరును ఏ దిక్కున నిలపాలో అది చెబుతుంది. 180 అంటే అడ్డం, 90 అంటే నిలువు. మిగిలిన అంకెలు ఏటవాలు కోణాలు. అంకె పెద్దదైనంత మాత్రాన లోపం పెద్దదని కాదు. ఇక్కడ ఒక సూక్ష్మం గుర్తుంచుకోవాలి: యాక్సిస్ చూపే దిక్కులో సిలిండర్ పవరు ఉండదు. దానికి లంబంగా ఉన్న దిక్కులోనే అది పూర్తిగా పనిచేస్తుంది.

ఒక ఉదాహరణ

యాభై రెండేళ్ల మరమగ్గాల కార్మికుడొకరికి ఆసుపత్రిలో కుడి కంటికి ఇచ్చిన దూరపు చూపు పవరు ఇలా ఉన్నదనుకుందాం:

+0.50 / −1.50 × 180

కళ్లజోళ్ల దుకాణం వారు కళ్లజోడుతో పాటు ఇచ్చిన కార్డు మీద ఇలా ఉన్నది:

−1.00 / +1.50 × 90

మొదటి గడిలో ప్లస్ ఉండవలసిన చోట మైనస్ ఉన్నది. సిలిండర్ గుర్తు మారినది. యాక్సిస్ సగమైనది. మూడు గడులూ మారినందువల్ల అద్దాలు తప్పనిపించడం సహజం. కాని ఈ రెండూ ఒకే కటకం.

దీనిని దిక్కుల వారీగా పరిశీలిద్దాం. ఆసుపత్రి చీటీ ప్రకారం యాక్సిస్ 180, అనగా అడ్డం. ఆ దిక్కులో సిలిండర్ పనిచేయదు కనుక పవరు +0.50 మాత్రమే. నిలువు దిక్కులో సిలిండర్ పూర్తిగా చేరుతుంది: +0.50కు −1.50 కలిపితే −1.00.

దుకాణం కార్డు ప్రకారం యాక్సిస్ 90, అనగా నిలువు. ఆ దిక్కులో స్ఫియర్ ఒక్కటే ఉంటుంది కనుక పవరు −1.00. అడ్డం దిక్కులో −1.00కు +1.50 చేరి +0.50 అవుతుంది. రెండు కాగితాలలోనూ అడ్డం +0.50, నిలువు −1.00. కనుక కటకం సరైనదే.

సిలిండరును కొందరు మైనస్‌లో, కొందరు ప్లస్‌లో రాయడం వల్లనే ఈ భేదం వస్తుంది. ఒక రాతను మరొక రాతగా మార్చే పద్ధతి మూడు మెట్లు. స్ఫియర్‌ను, సిలిండర్‌ను గుర్తులతో సహా కలిపితే కొత్త స్ఫియర్ వస్తుంది. సిలిండర్ అంకెను అలాగే ఉంచి గుర్తు మార్చాలి. యాక్సిస్ 90 గాని అంతకు తక్కువ గాని అయితే 90 కలపాలి. 90 కంటే ఎక్కువైతే 90 తీసివేయాలి.

చత్వారానికి రాసే యాడ్ అనే అదనపు పవరు ఈ మార్పిడిలో మారదు. దానిని స్ఫియర్‌కు కలిపితే దగ్గరి చూపు పవరు వస్తుంది. యాడ్ ఎల్లప్పుడూ ప్లస్‌లోనే ఉంటుంది.

నిజమైన పొరపాటును గుర్తించడం

మూడు మెట్లలో ఏ ఒక్కటి తప్పినా కటకం వేరైపోతుంది. పై ఉదాహరణలోనే యాక్సిస్‌ను 90 చేయక 180గా ఉంచి, −1.00 / +1.50 × 180 అని రాస్తే అడ్డం −1.00, నిలువు +0.50 అవుతాయి. అంటే రెండు దిక్కుల పవర్లూ తారుమారైనట్లు. సిలిండర్ గుర్తు మార్చడం మరచి −1.00 / −1.50 × 90 అని రాస్తే నిలువు సరిపోతుంది, కాని అడ్డం −2.50కు చేరుతుంది, ఉండవలసిన దానికి 3 డయాప్టర్ల దూరం.

కోణం తప్పినా నష్టమే. సిలిండర్ 30 డిగ్రీలు పక్కకు తిరిగితే, అద్దాలు సరిచేసే లోపం ఎంతో కొత్తగా తెచ్చే లోపం అంతే అవుతుంది. అందుకే సిలిండర్ రాసి యాక్సిస్ రాయని చీటీతో కళ్లజోడు చేయించరాదు; దానిని రాసినవారి చేతనే పూర్తి చేయించుకోవాలి.

కార్డు మీది అంకెలు సరిపోయినప్పటికీ కటకం మీది పవరు వేరుగా ఉండవచ్చు. దానిని తేల్చేది లెన్సోమీటర్ అనే పరికరం. కళ్లజోళ్ల దుకాణంలో కొనుగోలుదారు ఎదుటనే దానితో కొలిచి చూపమని అడగవచ్చు. కొలిచిన అంకెలు ఏ రాతలో వచ్చినా, అడ్డానికెంత, నిలువుకెంత అని విడదీసి చీటీతో పోల్చాలి. యాక్సిస్ 90 గాని 180 గాని కానప్పుడు మూడు మెట్ల పద్ధతితో చీటీని రెండవ రాతలోకి మార్చి పోల్చడం సులభం.

అన్నీ సరిపోయిన తరువాత కూడా చూపు మసకగా ఉంటే, లేదా నేల ఒరిగినట్లు కనిపిస్తుంటే కారణం మరొకచోట ఉండవచ్చు. కటకాల కేంద్రాలు కనుపాపల ఎదుట అమరాయో లేదో దుకాణంలో చూపించుకోవాలి. అది కూడా సరిగా ఉంటే చీటీతో, కళ్లజోడుతో కంటి వైద్యుని వద్దకు మరలా వెళ్లడం అవసరం. అప్పుడు పరీక్షించవలసినది అద్దాన్ని కాదు, కంటిని.