కడుపులో నీరున్న లాంగ్ కేసు: సమ్మరీ నుంచి డిఫరెన్షియల్ దాకా చిట్కాలు

ఫైనలియర్ జనరల్ మెడిసిన్ ప్రాక్టికల్స్‌లో లాంగ్ కేసుగా కడుపులో నీరున్న పేషెంటు తగలడం మామూలే. చాలామంది హిస్టరీ బాగానే తీస్తారు, పొట్ట బాగానే చూస్తారు. తీరా ఎగ్జామినర్ "సమ్మరైజ్ చెయ్యి" అనగానే మొదటినుంచీ కథంతా మళ్ళీ చదువుతారు. డిఫరెన్షియల్ అడిగితే పుస్తకంలో ఉన్న జాబితా అప్పజెబుతారు. ఈ రెండూ నిజానికి ఒకే లోపం. సమ్మరీలో చెప్పిన ఏ ముక్క ఏ జబ్బును ముందుకు తెస్తుందో, దేన్ని వెనక్కి నెడుతుందో మంచం పక్కన ఉన్నప్పుడే తేల్చుకోకపోవడం. ఉదాహరణకు ఒక పేషెంటును అనుకుందాం: 46 ఏళ్ళ లారీ డ్రైవరు, మూడు నెలలుగా పొట్ట ఉబ్బు, నెలగా కాళ్ళ వాపు, రెండు వారాల క్రితం నల్లటి విరేచనం.

1. ఏది ముందు, ఏది వెనక అన్నది పట్టుకోండి.

ఈ కేసులో అన్నిటికంటే విలువైన ప్రశ్న ఇదే. పొట్ట ముందు ఉబ్బి, తర్వాత కాళ్ళు వాస్తే లివర్ వైపు చూస్తాం. కాళ్ళు ముందు వాచి, తర్వాత పొట్ట ఉబ్బితే గుండె వైపు. పొద్దున లేవగానే కళ్ళ చుట్టూ, ముఖం మీద వాపుతో మొదలైతే కిడ్నీ వైపు. "ఏది ముందొచ్చింది?" అని అడిగితే చాలామంది "రెండూ ఒకేసారి సార్" అంటారు. అందుకని ఆయన రోజూ చూసుకునే వస్తువుల మీద పెట్టి అడగండి: "ముందు మొలతాడు బిగుసుకుందా, చెప్పు పట్టీ బిగుసుకుందా?" మొలతాడు ఎప్పుడు వదులు చేసుకున్నాడో గుర్తుండని మనిషి అరుదు. మన డ్రైవరు మొలతాడు వదులు చేసుకున్నది మూడు నెలల కింద, చెప్పులు పట్టకపోవడం మొదలైంది నెల కింద. ఈ ఒక్క జవాబు చివరికి డిఫరెన్షియల్ దాకా వస్తుంది.

దీనికీ ఒక పరిమితి ఉంది. కన్‌స్ట్రిక్టివ్ పెరికార్డైటిస్‌లో గుండె జబ్బే అయినా పొట్టలో నీరు కాళ్ళ వాపు కంటే ముందే రావచ్చు. కాబట్టి వరుస లివర్ వైపు చూపిందని మెడ చూడకుండా లేవకండి.

2. మందు లెక్క గ్రాముల్లో చెప్పండి.

"క్రానిక్ ఆల్కహాలిక్" అని వదిలేస్తే ఎగ్జామినర్ అక్కడే ఆపుతారు. ఏం తాగుతాడు, ఎంత, ఎన్నేళ్ళుగా, ఆఖరుసారి ఎప్పుడు అన్న నాలుగూ కావాలి. పేషెంటు "రోజూ ఒక క్వార్టర్" అంటాడు. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ సాధారణంగా 42.8 శాతం. అంటే 77 మిల్లీలీటర్ల ఆల్కహాల్, దాన్ని 0.8తో గుణిస్తే సుమారు 60 గ్రాములు. మగవాళ్ళలో రోజుకు 60 నుంచి 80 గ్రాములు పదేళ్ళపాటు తాగితే లివర్ బాగా దెబ్బతినే ప్రమాదం ఉందని చెప్పుకుంటాం. పన్నెండేళ్ళుగా తాగుతున్న మన డ్రైవరు ఆ గీత మీదే ఉన్నాడు. పేషెంట్లు తగ్గించి చెప్పడం సహజం కాబట్టి పక్కనున్న భార్యనో తమ్ముణ్ణో కూడా ఒకమాట అడగండి. అలాగని ఆల్కహాల్ దొరికింది కదా అని హెపటైటిస్ బి, సి వైపు ప్రశ్నలు మానేయొద్దు. రక్తం ఎక్కించారా, పచ్చబొట్లు, ఇంట్లో ఎవరికైనా కామెర్లు వచ్చాయా అన్నవి రెండు నిమిషాల పని.

3. "లేవు" అన్న జాబితాను కుదించండి.

లేని లక్షణాలు ఇరవై చెబితే వినేవాళ్ళ మనసు ఎటో పోతుంది. ఒక్కొక్క "లేదు" ఒక జబ్బును వెనక్కి నెట్టాలి. ఈ కేసులో సాయంత్రం జ్వరం లేదు అంటే టీబీ పెరిటోనైటిస్ కొంచెం వెనక్కి వెళుతుంది. పడుకుంటే ఆయాసం లేదు అంటే గుండె, పొద్దున ముఖం వాపు, మూత్రంలో నురగ లేవు అంటే కిడ్నీ. రాత్రి నిద్రపట్టక పగలు మగతగా ఉండటం లేదు అంటే ఎన్‌కెఫలోపతి. ఇవి చాలు. నల్లటి విరేచనం గురించి మాత్రం ఇంకో ప్రశ్న అడగాలి. తారులా జిగటగా, భరించలేని వాసనతో ఉందా, లేక ఐరన్ మాత్రలు వాడుతున్నాడా? ఐరన్ వాడినా విరేచనం నల్లగానే వస్తుంది.

4. పరీక్షలో తీర్పు చెప్పే మూడు చోట్ల ఎక్కువసేపు ఆగండి.

మొదటిది మెడ. జేవీపీ పెరగలేదని ధైర్యంగా చెప్పగలిగితే గుండె కారణాలు చాలావరకు తగ్గుతాయి. 45 డిగ్రీల్లో పడుకోబెట్టి, పగటి వెలుతురు పక్కనుంచి పడేలా చూసి చెప్పండి. కనబడలేదంటే తక్కువుందని అర్థం కాదు. బాగా పెరిగితే పై అంచు దవడ వెనక దాక్కుంటుంది, అప్పుడు కూర్చోబెట్టి చూడాలి.

రెండోది స్ప్లీన్. నీరు బిగుతుగా ఉన్న పొట్టలో మామూలుగా తడిమితే దొరకదు. వేళ్ళతో చటుక్కున లోపలికి నొక్కి, పక్కకు తొలగిన నీటి కింద అంచు తగులుతుందేమో చూడాలి. దొరక్కపోతే "స్ప్లీన్ పెరగలేదు" అనకండి, "నీరు బిగుతుగా ఉండటం వల్ల చేతికి అందలేదు" అనండి. రెండింటికీ చాలా తేడా ఉంది.

మూడోది పొట్ట మీద ఉబ్బిన సిరలు. బొడ్డుకు దిగువనున్న సిరను ఎంచుకుని, రెండు చూపుడువేళ్ళు పక్కపక్కన పెట్టి, వాటిని దూరం జరుపుతూ రక్తాన్ని ఖాళీ చేయండి. ఒక వేలు తీసి ఎటునుంచి నిండుతుందో చూడండి, తర్వాత రెండో వేలుతో మళ్ళీ చేయండి. బొడ్డుకు దిగువన రక్తం కిందికి పారితే పోర్టల్ హైపర్‌టెన్షన్, పైకి పారితే ఇన్ఫీరియర్ వీనా కేవా అడ్డుపడిందని. బొడ్డుకు ఎగువన రెండింట్లోనూ పైకే పారుతుంది కాబట్టి అక్కడ చూసి లాభం లేదు.

షిఫ్టింగ్ డల్‌నెస్ దొరకాలంటే కనీసం లీటరు, లీటరున్నర నీరుండాలి. పేషెంటును పక్కకు తిప్పాక అరనిమిషమైనా ఆగి తర్వాతే తట్టండి. పేగులు పైకి తేలడానికి ఆ సమయం కావాలి.

5. సమ్మరీని కాగితం మీద రాసుకోండి.

కేసు తీసుకోవడానికి ముప్పావు గంట ఇస్తే చివరి పది నిమిషాలు దీనికే ఉంచండి. ఇచ్చే సమయం కాలేజీని బట్టి మారినా ఈ పది నిమిషాలు తగ్గించొద్దు. ముందుగా సాధారణంగా వినబడే సమ్మరీ చూడండి: "పేషెంటు పొట్ట ఉబ్బు, కాళ్ళ వాపు, నల్ల విరేచనంతో వచ్చారు, ఆల్కహాలిక్, పరీక్షలో ఎసైటిస్ ఉంది." తప్పేమీ లేదు, కానీ దీన్నిబట్టి వాదించడానికి ఏమీ లేదు. వైవాలో ఇంగ్లీషులోనే చెప్పాలి గానీ సరైనది ఇలా ఉండాలి:

"46 ఏళ్ళ లారీ డ్రైవరు, పన్నెండేళ్ళుగా రోజుకు సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ తీసుకుంటున్నారు. మూడు నెలలుగా నెమ్మదిగా పెరుగుతున్న పొట్ట ఉబ్బు, రెండు నెలల తర్వాత మొదలైన కాళ్ళ వాపు, రెండు వారాల క్రితం ఒకసారి మెలీనా. జ్వరం, ముఖం వాపు, పడుకుంటే ఆయాసం లేవు. పరీక్షలో కామెర్లు, స్పైడర్ నీవై, గైనకోమాస్టియా, షిఫ్టింగ్ డల్‌నెస్, మూడు సెంటీమీటర్ల స్ప్లీన్ ఉన్నాయి. జేవీపీ పెరగలేదు, ఫ్లాప్ లేదు."

అరనిమిషం పైచిలుకులో అయిపోతుంది. పేషెంటు ఊరు, ఆకలి, నిద్ర, బీపీ అంకె ఇందులో లేవు, ఎందుకంటే ఈ కేసులో వాటివల్ల ఏ జబ్బూ ముందుకో వెనక్కో జరగదు. బీపీ 80 ఉండి ఉంటే మాత్రం అది మొదటి వాక్యంలోకి రావాలి. రాసింది చదివి ప్రతి ముక్క దగ్గరా "ఇది తీసేస్తే నా డిఫరెన్షియల్ మారుతుందా?" అని అడగండి. మారకపోతే కొట్టేయండి.

6. డయాగ్నసిస్‌లో సిర్రోసిస్ అనే తొందర వద్దు.

సిర్రోసిస్ అన్నది కణజాలం చూసి చెప్పే మాట. మంచం పక్కన తెలిసేది క్రానిక్ లివర్ డిసీజ్. కాబట్టి "డీకంపెన్సేటెడ్ క్రానిక్ లివర్ డిసీజ్, పోర్టల్ హైపర్‌టెన్షన్‌తో, కారణం బహుశా ఆల్కహాల్, ఎసైటిస్ ఉంది, అప్పర్ జీఐ బ్లీడ్ అయింది, అది వేరిసియల్ కావచ్చు, ప్రస్తుతం ఎన్‌కెఫలోపతి లేదు" అనండి. తాగేవాళ్ళకు అల్సర్ నుంచి కూడా రక్తం పోవచ్చు కాబట్టి ఎండోస్కోపీ అయ్యేదాకా "కావచ్చు" అన్న మాట ఉండాలి. "డీకంపెన్సేటెడ్ ఎందుకన్నావ్?" అన్నది తర్వాతి ప్రశ్న. ఎసైటిస్, కామెర్లు, బ్లీడింగ్ అని జవాబు మీ వాక్యంలోనే ఉంది.

7. డిఫరెన్షియల్‌లో మూడు చాలు, ఒక్కొక్కదానికి మూడు మాటలు.

ఎందుకు అనుకుంటున్నాను, ఎందుకు వెనక పెట్టాను, ఏ పరీక్షతో తేలుతుంది. ఈ వరుసలో చెప్పండి.

టీబీ పెరిటోనైటిస్: మన దేశంలో నెలల తరబడి పెరిగే ఎసైటిస్‌లో దీన్ని వదలకూడదు. జ్వరం, కడుపునొప్పి లేకపోవడం, స్ప్లీన్ పెరగడం, లివర్ జబ్బు గుర్తులు ఉండటం వల్ల వెనక పెట్టాను. నీరు తీసి చూస్తే లింఫోసైట్లు ఎక్కువ, ప్రోటీన్ 2.5 గ్రాముల పైన, సీరంకూ నీటికీ ఆల్బుమిన్ తేడా 1.1 కంటే తక్కువ ఉంటే ఇటు మొగ్గుతాను. అయితే లివర్ జబ్బున్న మనిషికే టీబీ కూడా వస్తే ఆ తేడా 1.1 పైనే ఉండిపోవచ్చు. ఈ ముక్క మీరే ముందు చెబితే ఎగ్జామినర్ అడగబోయే ప్రశ్నకు జవాబు ఇచ్చేసినట్టే.

కన్‌స్ట్రిక్టివ్ పెరికార్డైటిస్: కాళ్ళ కంటే పొట్ట ముందు ఉబ్బడం దీనికీ సరిపోతుంది. జేవీపీ పెరగకపోవడం దీనికి పెద్ద అడ్డు. ఇందులో ఆల్బుమిన్ తేడా 1.1 పైనే ఉంటుంది గానీ నీటిలో ప్రోటీన్ 2.5 దాటుతుంది. మామూలు సిర్రోసిస్‌లో అది అంతకంటే తక్కువ. అనుమానం మిగిలితే ఎకో.

బడ్-కియారీ: నెమ్మదిగా వచ్చే రకం క్రానిక్ లివర్ డిసీజ్‌లాగే కనబడుతుంది. నొప్పితో పెరిగిన లివర్ లేదు, నడుము మీద పైకి పారే సిరలు లేవు. డాప్లర్‌తో తేలుతుంది.

నెఫ్రోటిక్ సిండ్రోమ్‌ను ఈ మూడింటిలో కలపకండి. ముఖం వాపు లేదని సమ్మరీలోనే చెప్పారు. అడిగితే యూరిన్ ప్రోటీన్ అని ఒక్కమాటతో ముగించండి.

8. పరీక్షల్లో మొదట డయాగ్నస్టిక్ ట్యాప్ చెప్పండి.

చాలామంది అల్ట్రాసౌండ్‌తో మొదలుపెడతారు. కొత్తగా ఎసైటిస్‌తో చేరిన ప్రతి పేషెంటుకూ నీరు తీసి సెల్ కౌంట్, ఆల్బుమిన్, టోటల్ ప్రోటీన్ పంపాలి. ఆల్బుమిన్ తేడా లెక్కకు సీరం ఆల్బుమిన్ కూడా అదే రోజు తీసి ఉండాలి. కల్చర్ కోసం పది మిల్లీలీటర్లు మంచం పక్కనే బ్లడ్ కల్చర్ బాటిల్లో వేయాలి. న్యూట్రోఫిల్స్ క్యూబిక్ మిల్లీమీటరుకు 250 చేరితే స్పాంటేనియస్ బ్యాక్టీరియల్ పెరిటోనైటిస్ అనుకుని యాంటీబయాటిక్ మొదలుపెడతారు. జ్వరం, నొప్పి ఏమీ లేకుండా కూడా ఇది రావచ్చు. అందుకని డయాగ్నసిస్ చెప్పేటప్పుడు "ఆ ఇన్‌ఫెక్షన్ లేదు" అనకుండా "దాని లక్షణాలు లేవు, ట్యాప్‌తో నిర్ధారించాలి" అనండి.