వాలుగీత చెప్పే అర్థం

స్పానిష్ ఉత్తరాలు, ఒప్పందాలు అనువదిస్తూ నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. ఈ దారిలోకి వస్తున్న మీకోసం నాలుగు మాటలు రాస్తున్నాను.

1. ఆ గీత దీర్ఘం కాదు, ఊనిక.
అచ్చు మీద వాలుగీత కనబడగానే మనవాళ్లు దీర్ఘం తీస్తారు. నిజానికి అది ఏ అక్షరాన్ని ఒత్తి పలకాలో చెబుతుంది. మాట అచ్చుతో గాని, n, s లతో గాని ముగిస్తే చివరి నుంచి రెండో అక్షరాన్ని ఒత్తుతారు. మరో హల్లుతో ముగిస్తే చివరిదాన్ని ఒత్తుతారు. ఈ పద్ధతి తప్పే మాటలకు గీత పెడతారు. termino నడుమ ఒత్తితే ‘ముగిస్తాను’, terminó చివర ఒత్తితే ‘ముగించాడు’, término మొదట్లో ఒత్తితే ‘గడువు’. మా రోజుల్లో ఈ గీతల్ని పాఠాల చివర, అలంకారంలా నేర్పారు. ఆ చింత నాకు ఇప్పటికీ ఉంది.

2. కంప్యూటర్ పట్టని తప్పే ఎక్కువ నష్టం చేస్తుంది.
Pague అంటే ‘కట్టండి’. Pagué అంటే ‘కట్టాను’. రెండూ నిఘంటువులో ఉన్న రూపాలే కాబట్టి స్పెల్ చెకర్ ఎర్రగీత గీయదు. నేను పనిచేసిన ఒకచోట ‘Pague la factura’ అని ఖాతాదారు నుంచి ఉత్తరం వచ్చింది. ‘బిల్లు కట్టండి’ అని అనువాదం వెళ్లింది. మనమెందుకు కట్టాలని ఆఫీసులో అందరూ తలలు పట్టుకున్నారు. ఆ తర్వాతి మాట ayer, అంటే ‘నిన్న’. నిన్న కట్టమని ఎవరూ అడగరు. ఆయన బిల్లు కట్టేశానని చెబుతున్నాడు. గీత లేని క్రియ కనిపిస్తే కర్త ఎవరో, కాలం చెప్పే మాట ఏదో వెతకండి.

3. పెద్దక్షరాలకు మినహాయింపు లేదు.
పెద్దక్షరాల మీద గీత అక్కర్లేదనే నమ్మకం చాలామంది స్పానిష్‌వాళ్లలోనూ ఉంది. టైప్‌రైటర్ల మీద ఆ గీత కుదిరేది కాదు, ఆ అలవాటే మిగిలిపోయింది. రాయల్ స్పానిష్ అకాడమీ నియమం ప్రకారం పెద్దక్షరాలకూ గీత ఉండాల్సిందే. కాబట్టి రసీదు మీద PAGUE అని ఉంటే వెంటనే నమ్మకండి, అది PAGUÉ కావచ్చు.

4. తేలని చోట రాసినవారినే అడగండి.
‘Trabajo solo los domingos’ అన్న వాక్యానికి ‘ఆదివారాలు మాత్రమే పనిచేస్తాను’ అనీ, ‘ఆదివారాలు ఒంటరిగా పనిచేస్తాను’ అనీ రెండర్థాలు. పాత పుస్తకాల్లో ‘మాత్రమే’ అనే అర్థానికి sólo అని గీత పెట్టేవారు. 2010లో అకాడమీ ఆ గీత అక్కర్లేదంది. సందిగ్ధం ఉందనిపిస్తే రచయిత పెట్టుకోవచ్చని 2023లో స్పష్టం చేసింది. అందువల్ల ఇక్కడ గీత లేకపోవడం తప్పూ కాదు, అర్థానికి ఆధారమూ కాదు. మీకు తోచిన గీత మీరే పెట్టి అనువదిస్తే, రాసినవారు అనని మాట వారి నోట పెట్టినట్టవుతుంది. ఒక్క ప్రశ్న రాసి పంపండి, జవాబు వచ్చేదాకా ఆ వాక్యాన్ని ఆపండి.