ఒకే అమ్మకం, రెండు రేట్ల పన్ను

షేర్లు అమ్మినప్పుడు చాలామంది కొన్న ధర, అమ్మిన ధర పక్కపక్కన రాసుకుని తేడా మీద పన్ను ఎంతని చూస్తారు. ఆదాయపు పన్ను లెక్క అక్కడ మొదలవదు. ముందు తేదీలు కావాలి. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీ షేరును పన్నెండు నెలలకు మించి ఉంచుకుని అమ్మితే వచ్చేది దీర్ఘకాలిక మూలధన లాభం. పన్నెండు నెలలు, అంతకన్నా తక్కువ ఉంచుకుంటే స్వల్పకాలిక లాభం. ఎస్‌టీటీ కట్టి అమ్మిన షేర్లకు 2024 జులై 23 నుంచి స్వల్పకాలిక లాభం మీద 20 శాతం పన్ను, దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం. అందులోనూ దీర్ఘకాలిక లాభంలో ఏడాదికి మొదటి 1.25 లక్షల రూపాయలకు పన్ను లేదు.

నియమం రెండు వాక్యాల్లో అయిపోయింది. చిక్కు వచ్చేది ఒకే కంపెనీ షేర్లను విడతలుగా కొని, మధ్యలో బోనస్ వచ్చి, ఒకే రోజు గంపగుత్తగా అమ్మినప్పుడు. అలాంటి లెక్క ఒకటి మొదటి నుంచి చివరి దాకా చేసి చూద్దాం.

వరంగల్‌లో ఒక లెక్చరర్ ఉన్నారనుకుందాం. ఒక సిమెంటు కంపెనీ షేర్లు 2023 జనవరి 12న 400 కొన్నారు, ఒక్కోటి 500 రూపాయలకు. 2025 మార్చి 10న మరో 200 కొన్నారు, 750 చొప్పున. 2025 ఆగస్టు 20న కంపెనీ రెండు షేర్లకు ఒకటి చొప్పున బోనస్ ఇచ్చింది. ఉన్న 600కు 300 కలిసి మొత్తం 900 అయ్యాయి. ఇంట్లో డబ్బు అవసరం పడి 2026 ఫిబ్రవరి 25న 700 షేర్లు అమ్మారు, 900 చొప్పున. చేతికి 6,30,000 వచ్చింది. లెక్క తేలిగ్గా సాగడానికి బ్రోకరేజీని పక్కన పెడదాం. నిజం లెక్కలో దాన్ని ఖర్చుగా తీసేయవచ్చు, ఎస్‌టీటీని మాత్రం తీసేయడానికి వీల్లేదు.

మొదటి మెట్టు: తేదీల పట్టిక

ప్రతి విడతకూ ఒక వరుస రాయాలి: వచ్చిన తేదీ, షేర్ల సంఖ్య, ఒక్కోదాని ఖరీదు. మన లెక్చరర్‌కు మూడు వరుసలు. 2023 జనవరి విడత 400, ఖరీదు 500. 2025 మార్చి విడత 200, ఖరీదు 750. 2025 ఆగస్టు బోనస్ 300, ఖరీదు సున్నా.

మూడో వరుస దగ్గరే ఎక్కువమంది తడబడతారు. పాత షేర్ల మీద వచ్చిన బోనస్ కాబట్టి పాత తేదీయే దానికీ వర్తిస్తుందనుకుంటారు. చట్టం దృష్టిలో బోనస్ షేరు కేటాయించిన రోజునే పుట్టింది, దానికి డబ్బేమీ పెట్టలేదు కాబట్టి ఖరీదు సున్నా. షేరును విభజించినప్పుడు మాత్రం వేరు. పది రూపాయల ముఖవిలువ షేరు రెండు అయిదు రూపాయల షేర్లయితే పాత తేదీ అలాగే ఉంటుంది, పాత ఖరీదు రెండుగా పంచుకుపోతుంది. ఖాతాలో రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, షేర్ల సంఖ్య పెరుగుతుంది, ధర తగ్గుతుంది. అందుకే కంపెనీ ప్రకటన తీసి అది బోనస్సో విభజనో చూసుకున్నాకే ఈ వరుస రాయాలి.

తేదీలకు ఆధారం బ్రోకరు పంపే కాంట్రాక్ట్ నోట్. షేర్లు డీమ్యాట్ ఖాతాలో పడేది మర్నాడు గనుక ఆ తేదీ వేసుకుంటే ఒక రోజు తేడా వస్తుంది. పన్నెండు నెలల అంచున ఉన్నవాళ్లకు ఆ ఒక్క రోజే రేటును మార్చేయగలదు.

రెండో మెట్టు: ముందు వచ్చినవి ముందు

అమ్మిన 700లో ఏ విడతవి ఎన్నో మనం ఎంచుకోలేం. డీమ్యాట్ ఖాతాలోకి ముందు చేరినవే ముందు బయటికి వెళ్లినట్టు లెక్క. కాబట్టి 2023 విడత 400, 2025 మార్చి విడత 200, బోనస్ నుంచి 100 వెళ్లాయి. మిగిలిన 200 బోనస్ షేర్లు ఖాతాలోనే ఉన్నాయి. ఈ వరుస ఏ ఖాతాకు ఆ ఖాతాకే వర్తిస్తుంది. రెండు డీమ్యాట్ ఖాతాలు ఉన్నవాళ్లు రెంటినీ కలిపి ఒకే వరుసలో పెడితే లెక్క తప్పుతుంది.

మూడో మెట్టు: పన్నెండు నెలలు దాటాయా

2023 విడతకు మూడేళ్లు దాటాయి, దీర్ఘకాలికం. బోనస్‌కు ఆరు నెలలే, స్వల్పకాలికం. మధ్య విడత 2025 మార్చి 10న కొన్నది. 2026 ఫిబ్రవరి 25న అమ్మారు కాబట్టి ఇదీ స్వల్పకాలికమే, మరో రెండు వారాలు ఆగి ఉంటే కాదు. చట్టం కోరేది పన్నెండు నెలలకు మించిన కాలం. ఏడాది తిరిగిన మార్చి 10నే అమ్మితే సరిగ్గా పన్నెండు నెలలవుతుంది గానీ మించదు. 11న అమ్మితే దాటినట్టు.

నాలుగో మెట్టు: లాభం, పన్ను

2023 విడత: అమ్మకం 3,60,000, ఖరీదు 2,00,000, దీర్ఘకాలిక లాభం 1,60,000. మార్చి విడత: అమ్మకం 1,80,000, ఖరీదు 1,50,000, స్వల్పకాలిక లాభం 30,000. బోనస్: అమ్మకం 90,000, ఖరీదు సున్నా, మొత్తం 90,000 స్వల్పకాలిక లాభమే.

దీర్ఘకాలిక లాభంలో 1,25,000 తీసేస్తే 35,000 మిగులుతుంది. దాని మీద 12.5 శాతం 4,375, నాలుగు శాతం సెస్సు కలిపితే 4,550. స్వల్పకాలిక లాభం 1,20,000 మీద 20 శాతం 24,000, సెస్సుతో 24,960. మొత్తం పన్ను 29,510. ఎక్కువ లాభం తెచ్చిన పాత విడత మీద పన్ను నాలుగున్నర వేలు. తక్కువ లాభం తెచ్చిన కొత్త విడతల మీద పాతిక వేలు.

కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్ను లేదని విని ఇదంతా తనకు వర్తించదనుకునేవాళ్లు ఉన్నారు. ఆ రిబేటు జీతం, వడ్డీ లాంటి మామూలు ఆదాయం మీది పన్నుకే. ప్రత్యేక రేట్లున్న ఈ రెండు లాభాలకూ అది అందదు. వేరే ఆదాయమేమీ లేని దేశవాసి అయితే కనీస మినహాయింపు పరిమితిలో వాడని భాగాన్ని ఈ లాభాలకు వాడుకోవచ్చు. ఆ పరిమితి కొత్త విధానంలో 2025-26కు 4 లక్షలు. విదేశాల్లో స్థిరపడి ఇక్కడి షేర్లు అమ్మే ప్రవాసికి ఆ వెసులుబాటు లేదు.

రేటు ఎందుకు మారుతుంది

ఒకే షేరు, ఒకే ధర, ఒకే రోజు. అయినా రెండు రేట్లు. దీనికి చెప్పే కారణాల్లో మొదటిది ధరల పెరుగుదల. ఏళ్ల తరబడి ఉంచుకున్న ఆస్తి లాభంలో కొంత నిజంగా సంపద కాదు, రూపాయి విలువ తగ్గినందువల్ల కనిపించే అంకె. ఇళ్లు, స్థలాల వంటి ఆస్తులకు కొన్న ఖరీదును ధరల సూచీ ప్రకారం పెంచి లెక్కగట్టే పద్ధతి చాలాకాలం ఉండేది. నమోదైన షేర్ల మీద ఇప్పటి పన్నుకు ఆ పెంపు లేదు, తక్కువ రేటే ఆ పని కొంతవరకు చేస్తుంది. రెండోది, లాభం కనబడగానే అమ్మి మరోటి కొనే వ్యవహారం పెట్టుబడి కన్నా వ్యాపార రాబడికి దగ్గరగా ఉంటుందన్న అభిప్రాయం. మూడోది, అమ్మితేనే పడే పన్ను ఇది. రేటు మరీ ఎక్కువైతే జనం షేర్లను అమ్మకుండా పట్టుకుని కూర్చుంటారు.

పన్నెండు నెలల గీత ప్రకృతి నియమమేమీ కాదు. నమోదుకాని కంపెనీ షేర్లకు అదే గీత 24 నెలల దగ్గర ఉంది. తేడా ఎంతుండాలన్నదీ మారుతూనే వచ్చింది. 2004 అక్టోబరు నుంచి 2018 మార్చి దాకా ఎస్‌టీటీ కట్టి అమ్మిన షేర్ల మీద దీర్ఘకాలిక లాభానికి పన్నే లేదు. 2018 ఏప్రిల్ నుంచి లక్ష దాటిన లాభం మీద 10 శాతం వేశారు, 2018 జనవరి 31 నాటికి పెరిగి ఉన్న విలువను వదిలిపెట్టి. అప్పట్లో స్వల్పకాలిక లాభం మీద 15 శాతం. 2024 జులైలో రెండూ పెరిగాయి. తేడా 5 నుంచి 7.5 పాయింట్లకు వెడల్పయింది.

అయిదో మెట్టు: ఆగితే ఏం మిగులుతుంది

ఈ మెట్టు అమ్మకముందు ఎక్కవలసింది. లెక్చరర్ మార్చి విడత 200 షేర్లను మార్చి 11 దాకా ఆపి ఉంటే పన్ను 6,240 బదులు 3,900 అయ్యేది. మిగిలేది 2,340, అంటే షేరుకు పన్నెండు రూపాయలు కూడా కాదు. ఫిబ్రవరిలో అమ్మితే పన్ను పోగా షేరుకు 868.80 చేతికొస్తుంది. మార్చిలో అంతే రావాలంటే ధర 886.55 ఉంటే చాలు. ఆ లోపు అంతకన్నా కిందికి, అంటే 1.5 శాతానికి మించి పడితే ఆగినందుకు నష్టమే. రెండు వారాల్లో ఒక షేరు ఆ మాత్రం పడటం వింతేమీ కాదు.

అమ్మిన 100 బోనస్ షేర్ల సంగతి వేరు. వాటి ధరంతా లాభమే కాబట్టి ఇప్పుడు అమ్మితే 900లో 187.20 పన్నుకు పోయి 712.80 మిగులుతుంది. 2026 ఆగస్టు 20 దాటాక అమ్మితే దీర్ఘకాలికమవుతాయి. ఆ కొత్త ఆర్థిక సంవత్సరంలోనూ 1.25 లక్షల మినహాయింపు ఇలాగే ఉండి, దాన్ని అప్పటికి వేరే లాభాలకు వాడకపోతే పన్నే పడదు. అప్పుడు ధర 712.80 దాకా, దాదాపు 21 శాతం పడినా నష్టం లేదు. ఆగే ఆరు నెలలూ డబ్బు చేతికి రాదన్నది వేరే సంగతి.

కాబట్టి ఆగాలా వద్దా అన్నది ఎన్ని రోజులు మిగిలాయన్న దాన్ని బట్టే తేలదు. ధరలో లాభం వాటా ఎంతో చూడాలి. లాభం పల్చగా ఉన్న షేరును పన్ను కోసం ఆపితే మిగిలేదీ పల్చనే.

నష్టంలో ఉన్న షేరుకు లెక్క తిరగబడుతుంది. స్వల్పకాలిక నష్టాన్ని రెండు రకాల లాభాల నుంచీ తీసేయవచ్చు. దీర్ఘకాలిక నష్టాన్ని దీర్ఘకాలిక లాభం నుంచే తీయాలి. లెక్చరర్ దగ్గర మరో కంపెనీలో పదకొండు నెలల నాటి 20,000 నష్టం ఉండి, అదే ఏడాది అమ్మేస్తే 20 శాతం చొప్పున 4,000 పన్ను తగ్గుతుంది. పన్నెండు నెలలు దాటాక అమ్మితే 12.5 శాతం చొప్పున 2,500 మాత్రమే. నష్టం మిగిలిపోతే ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లవచ్చు, రిటర్న్ గడువులోగా వేస్తేనే.

ఆఖరి మెట్టు: కట్టడం, చూపడం

జీతంలో కోత పడ్డ పన్ను పోగా కట్టాల్సింది 10,000 గానీ అంతకు మించి గానీ ఉంటే ముందస్తు పన్ను వర్తిస్తుంది. ఫిబ్రవరి అమ్మకానికి మార్చి 15లోగా కడితే ఆ వాయిదా వడ్డీ పడదు. స్వల్పకాలిక లాభం ఉంది కాబట్టి ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. వేసే ముందు ఆదాయపు పన్ను పోర్టల్‌లోని వార్షిక సమాచార పత్రాన్ని మొదటి మెట్టులోని పట్టికతో పోల్చాలి. అమ్మకపు మొత్తం అందులో సరిగానే ఉండి, బోనస్, విభజన ఉన్నచోట ఖరీదు తప్పో ఖాళీయో కావచ్చు. తేడా కనిపిస్తే నిలబడేది కాంట్రాక్ట్ నోట్లే. అందుకే వాటిని కొన్న రోజునుంచే దాచుకోవాలి.