ఏ బిల్డ్‌లో వచ్చింది?

పేమెంట్ యాప్ ఒకటి ఇంకో మూడు వారాల్లో విడుదల కావాలి. హైదరాబాద్‌లో ఆ పని చేస్తున్న టీమ్‌ని ఊహించుకోండి. పొద్దున పదింటికి స్టాండప్. రాత్రి తొమ్మిదిన్నరకు అమెరికా క్లయింట్‌తో కాల్, వాళ్ళకింకా మధ్యాహ్న భోజనం కూడా అయివుండదు. ఆ కాల్‌లో ఒప్పుకున్నవన్నీ చేసి ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటుతుంది. రెండో వారం మధ్యలో, రాత్రి పదకొండున్నరకు, టెస్టర్ ఒక బగ్‌ని మూడోసారి తిరిగి తెరిచింది. ఓటీపీ కొట్టాక స్క్రీన్ కదలకుండా నిలిచిపోతోంది. కింద కామెంట్‌లో, ‘మళ్ళీ అదే. కనీసం ఈసారైనా చూసి ఇవ్వండి’ అని రాసింది. పదిమందీ ఉన్న గ్రూపులో డెవలపర్ జవాబు రెండు నిమిషాల్లో వచ్చేసింది: ‘నా ఫోన్‌లో బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ముందు టెస్ట్ చెయ్యడం నేర్చుకోండి.’

ఆ తర్వాత అరగంట ఎవరూ ఏమీ రాయలేదు. మర్నాటి నుంచి ఇద్దరూ మేనేజర్ మధ్యవర్తిత్వం లేకుండా మాట్లాడుకోవడం మానేశారు.

అసలు సంగతి తెలిస్తే ఇద్దరి మీదా జాలేస్తుంది. డెవలపర్ కోడ్ సరిచేసింది నిజం. అయితే ఆ మార్పు కలిసింది ఎనిమిదింటికి. టెస్టర్ ఫోన్‌లో ఉన్న బిల్డ్ తయారైంది ఏడింటికి. ఆమె చూసిన తప్పూ నిజమే, అతను చేసిన మరమ్మతూ నిజమే. ‘ఏ బిల్డ్‌లో వచ్చింది?’ అని ఒక్కరడిగి ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది. మామూలు రోజుల్లో ఇద్దరిలో ఎవరో ఒకరు అడిగేవారే. నిద్ర చాలని మనిషికి ముందు తట్టేది ప్రశ్న కాదు, ఎదుటివాడి నిర్లక్ష్యం.

ఇక్కడ మన వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చెప్పే సలహా ఒకటుంది: కోపం వచ్చినప్పుడు గుర్తించు, పది లెక్కపెట్టు. సలహా చెడ్డదేం కాదు గానీ, అలసిపోయినవాడికి తాను అలసిపోయానని తెలుస్తుందన్న నమ్మకం మీద అది నిలబడింది. ఆ నమ్మకమే గట్టిది కాదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2003లో ప్రచురించిన ప్రయోగంలో కొందరిని 14 రోజులపాటు రోజుకు ఆరు గంటలే పడుకోనిచ్చారు. రోజురోజుకూ వాళ్ళ ఏకాగ్రత పడిపోతూ వచ్చింది. చివరికి కొన్ని పరీక్షల్లో వాళ్ళ తీరు, ఒకటి రెండు రాత్రులు అసలు కన్ను మూయనివాళ్ళ తీరుతో సమానమైంది. కానీ నిద్రమత్తు ఎంతుందని అడిగితే వాళ్ళిచ్చిన అంకె మొదటి కొద్ది రోజుల్లో పెరిగి, ఆపైన పెద్దగా మారలేదు. అంటే సామర్థ్యం దిగిపోతూనే ఉంది, మనిషి మాత్రం ‘నేను బాగానే ఉన్నాను, అలవాటైపోయింది’ అంటున్నాడు. మన ఆఫీసుల్లో గర్వంగా వినిపించే మాట కూడా ఇదే.

కాబట్టి రెండో వారం రాత్రి పదకొండున్నరకు ఎవరి నిగ్రహం మీదా భారం వేయకూడదు. మర్యాదను మొదటి వారంలోనే, అందరూ స్థిమితంగా ఉన్నప్పుడే, పనిలో ఇమిడ్చి పెట్టాలి. మన కథలోని టీమ్ విషయంలో అది చాలా చిన్న పని: బగ్ రాసే ఫారంలో బిల్డ్ నంబరు, ఫోన్ మోడల్, ఏ వరుసలో ఏం నొక్కితే తప్పు వచ్చిందో ఆ మెట్లు నింపకపోతే ఫారం ముందుకు కదలకుండా చెయ్యడం. అటువైపు డెవలపర్ కూడా ‘సరిచేశాను’ అని వదిలేయకుండా, ఏ బిల్డ్ నుంచి ఆ మార్పు కనిపిస్తుందో రాయాలి. ఆ వివరం కళ్ళముందుంటే ‘నేర్చుకోండి’ అనే మాటకు చోటే దొరకదు.

రెండోది, తీవ్రత గురించిన వాదన. ఒక బగ్ విడుదలను ఆపేంతటిదా, తర్వాతి వెర్షన్‌కి వాయిదా వెయ్యొచ్చా అన్నదానిమీద జరిగే గొడవలే క్రంచ్ వారాల్లో అన్నిటికన్నా చేదుగా ఉంటాయి. ఒకరికి అది తన పేరు, ఇంకొకరికి తన శనివారం. ఈ తీర్పు రాత్రి చెయ్యకూడదు. రాత్రి వచ్చిన బగ్ నమోదు అవుతుంది, అంతే. మర్నాడు పదకొండింటికి టెస్టర్, డెవలపర్, ప్రాడక్ట్ చూసే మనిషి కూర్చుని తేలుస్తారు. డబ్బు పోవడం, ఖాతా వివరాలు బయటపడటం లాంటివి మాత్రం రాత్రయినా ఆగవు. అలాంటప్పుడు కూడా గ్రూపులో రాయడం కాదు, ఫోన్ చెయ్యాలి. వ్యంగ్యం అక్షరాల్లో ఎంత తెలుస్తుందని 2005లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం పరీక్షించింది. తమ ఈమెయిల్‌లోని ధోరణి అవతలివారికి నూటికి 78 సార్లు అర్థమవుతుందని రాసినవాళ్ళు అనుకున్నారు. నిజంగా అర్థమైంది 56 సార్లే, బొమ్మాబొరుసూ వేసినదానికంటే కాస్త మెరుగు. సరదాకి అన్నామనుకున్నది చదివేవాడి గొంతులోనే వినిపిస్తుంది, ఆ గొంతు కూడా నిద్రలేనిదే.

లీడ్‌గా ఉన్నవారు ఇక్కడ సాధారణంగా బిర్యానీ తెప్పిస్తారు. తప్పు లేదు, తినొచ్చు. కానీ అర్ధరాత్రి బిర్యానీ వచ్చిందంటే ఇంకో రెండు గంటలు కూర్చోమని అర్థం. దానికన్నా, ఎవరు రాత్రి కాల్‌లో ఉంటారో వంతులు వేసి, కాల్‌లో ఉన్నవారిని మర్నాడు మధ్యాహ్నం దాకా ఎవరూ పిలవకుండా చూడటం మేలు. అలా కుదరదంటే విడుదల జాబితా లోంచి ఒక ఫీచర్ తీసేయాలని క్లయింటుకు చెప్పాలి. చాలామంది లీడ్‌లు ఆ మాట పైకి చెప్పలేక, ఆ ఒత్తిడిని కిందికి కసురుగా పంపుతారు.

అయినా మాట జారుతుంది. జారాక ఏం చెయ్యాలి? పదిమంది ముందు అన్నది పదిమంది ముందే వెనక్కి తీసుకోవాలి, అదీ మర్నాడు ఉదయమే. విడిగా మెసేజ్ పెడితే ఆమెకు ఒక్కదానికే తెలుస్తుంది, అవమానం చూసిన మిగతావారికి తెలియదు. మన డెవలపర్ రాయాల్సింది ఇంతే: ‘రాత్రి నేను అన్నది తప్పు. మీరు చూసింది ఏడింటి బిల్డ్, నా మార్పు అందులో లేదు. కొత్త బిల్డ్ నంబరు ఇస్తున్నాను, చూడండి.’ ‘నిద్ర లేక అలా అన్నాను’ అని చేర్చాలనిపిస్తుంది. చేర్చకపోవడమే మంచిది, ఆమె కూడా నిద్రపోలేదు కదా. ఆమె తన వంతుగా ‘కనీసం ఈసారైనా’ అన్న ముక్క కామెంట్ లోంచి తీసేస్తే సగం బరువు దిగుతుంది.

అలసిపోయారులే అన్న సానుభూతిని ఎవరికి చూపాలో కూడా చూసుకోవాలి. అలసట అందరి మీదా కసురుకునేలా చేస్తుంది, పెద్దా చిన్నా చూడదు. రాత్రి తొమ్మిదిన్నర కాల్‌లో క్లయింటుతో తేనెపూసినట్టు మాట్లాడి, పదింటికి ఫ్రెషర్ మీద విరుచుకుపడే సీనియర్‌ది నిద్రలేమి ఒక్కటే కాదు. నిగ్రహం ఉంది, ఎవరి దగ్గర వాడాలో కూడా అతనికి తెలుసు. అలాంటి మనిషికి బిల్డ్ నంబర్లూ వంతులూ ఏమీ చెయ్యవు. మేనేజర్ పిలిచి, ఆ రోజే, జరిగింది జరిగినట్టు చెప్పాలి: ఏ మాట అన్నాడో, ఎవరితో అన్నాడో, అదే గంటలో క్లయింటుతో ఎలా మాట్లాడాడో. ‘విడుదల అయ్యాక చూద్దాం’ అని ఆపితే, అతను పనికొచ్చే మనిషి గనుక సహిస్తున్నారని ఫ్రెషర్‌కి అర్థమవుతుంది. ఆ కుర్రాడు ఆ తర్వాత అనుమానం వచ్చిన బగ్‌ని కూడా రాయడు, నోరు మూసుకుంటాడు. పేమెంట్ యాప్‌లో అలా రాయకుండా వదిలేసిన బగ్ ఎవరి డబ్బుతో బయటపడుతుందో ముందే చెప్పలేం.